కథలో అమ్మమ్మ ముందు ఏం చూపించాలి: కన్నా, మొప్పలా, పొట్టా?

కథ రాస్తున్నామె: విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే ఓ అమ్మమ్మ మనవరాలికి తాజా కానాగంత చేపలు ఏరడం నేర్పుతుంది. "మొప్పలు ఎర్రగా ఉంటే చాలే" అని ఆమె చేత అనిపించాను. చదివినవాళ్ళు అది తప్పంటున్నారు. నిజమేనా?

తీరం: మొప్పలెందుకండీ, కన్ను చూస్తే చాలదూ? ఉబ్బి మెరుస్తుంటే తాజా, లోపలికి పోయి తెల్లబడితే పాతది. ఇక అనుమానమే అక్కర్లేదు.

వలకాడు: కన్ను మెరిస్తే మంచిదే, తెల్లబడిందని మాత్రం చేపను తీసెయ్యకూడదు. ఐసు నేరుగా తగిలినా కన్ను మసకబారుతుంది. ఐసు నీళ్ళలో నానితే మొప్పలూ వెలిసిపోతాయి. అలాగని ఎరుపునీ నమ్మలేం, నెత్తురు పూసి అమ్మేవాళ్ళున్నారు. మొప్ప ఎత్తి తడివేలితో రుద్దితే పూసిన రంగు అంటుకుంటుంది, నీచు బంకగా తగిలితే పాతదే.

కానాగంతలో ముందు చెడేది పొట్ట. చచ్చాక కూడా పేగుల్లోని రసాలు పనిచేస్తూ పొట్టను లోపల్నుంచి తినేస్తాయి. కడుపునిండా మేత తిన్న చేపైతే ఇంకా త్వరగా చివికిపోతుంది. అందుకే మీ అమ్మమ్మ చేపను తల దగ్గర పట్టుకుని అడ్డంగా ఎత్తాలి. తోక వాలకుండా నిలిస్తే మంచిది. వాలిందా, వెంటనే పక్కన పెట్టకూడదు. అప్పుడే చచ్చిన చేప కూడా మెత్తగానే ఉంటుంది, బిగుసుకోవడం తర్వాత మొదలవుతుంది. అలాంటప్పుడే పొట్ట చూడాలి. గట్టిగా ఉండి, వేలితో నొక్కిన గుంట వెంటనే పూడితే తీసుకోవచ్చు. కిలోకి ఆరేడు తూగుతాయి, ప్రతి ఒక్కటీ చూడాల్సిందే. బోట్లు రోజుల తరబడి వేటలో ఉంటాయి కాబట్టి మొదటి రోజు చేపా, చివరి రోజు చేపా ఒకే కుప్పలో ఉండొచ్చు.

హైదరాబాదీ: ఇంత గొడవెందుకు? మా బజార్లో కొరమీను తొట్టిలో ఈదుతుంటుంది, కళ్ళముందే కొట్టిస్తాం. కథలో అదే పెట్టండి.

వలకాడు: కొరమీను నీటిపైకొచ్చి గాలి పీలుస్తుంది, కాబట్టి కాస్త నీళ్ళున్నా బతుకుతుంది. హార్బర్‌కొచ్చే సముద్రపు చేపను అలా ప్రాణంతో అమ్మరు. కథ అక్కడ జరుగుతోంది కదండీ.

రేవుపిల్ల: ప్రతి చేపనీ నొక్కితే అమ్మే ఆమె ఊరుకోదు, చేప నలుగుతుంది కూడా. చిన్నపిల్లకి వాసనే మొదటి పాఠం. అయితే బజారంతా నీచు వాసనే కాబట్టి గంప దగ్గర వంగి లాభం లేదు. మొప్ప ఎత్తి లోపల చూడాలి: సముద్రపు నాచులా ఉంటే సరే, ముక్కు మండే ఘాటుంటే వద్దు.

వలకాడు: వాసన చెడేసరికి పొట్ట ఎప్పుడో మెత్తబడి ఉంటుంది. నొక్కనివ్వకపోతే పొట్ట కింద అంచు చూస్తే చాలు, పగిలినా లోపలి పేగు కనిపించినా వదిలేస్తాం.

రేవుపిల్ల: పొట్ట బాగున్నా వాసన తేడాగా ఉన్న చేపలు హార్బర్‌కి వస్తుంటాయి. నా లెక్కలో వాసనే ముందు.

కథ రాస్తున్నామె: ముందు తల పట్టి ఎత్తించి తోక చూపిస్తాను, తర్వాత పొట్ట. "చాలే" అన్న మాట తీసేస్తున్నా. వాసన ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.