‘ఫిల్ ఫ్యాక్టర్’ని ‘పూరణ గుణకం’ అనవచ్చా?

అర్ధవాహకం
డిగ్రీ పిల్లల కోసం సెమీకండక్టర్ పరికరాల పాఠాలు తెలుగులో రాస్తున్నాను. సౌర ఘటం దగ్గర ఆగిపోయాను. కరెంటు–వోల్టేజి వక్రం గీయడం, దాని మీద ఎక్కువ పవర్ వచ్చే బిందువును పట్టుకోవడం వరకూ ఇబ్బంది లేదు. ఫిల్ ఫ్యాక్టర్‌కే మాట కుదరడం లేదు. ‘పూరణ గుణకం’ అని రాస్తే పిల్లలు “ఏది దేన్ని పూరిస్తుంది సార్?” అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. ‘నింపు గుణకం’ బాగుంటుందా? ఇంకేదైనా ఉందా?

అవధానప్రియ
పూరణ అనగానే నాకు సమస్యాపూరణమే గుర్తొస్తుందండీ. అక్కడ ఒక పాదం ఇస్తారు, మిగతా మూడు పాదాలు కవి నింపుతాడు. అంటే పూరణ ఒక పని, ఎవరో చేసేది. మీరు చెబుతున్నది పని కాదు, స్థితి. అందుకే ‘నిండుదనం’ అనండి. కొత్త ముద్ద కట్టకుండా ఇంట్లో ఉన్న మాట వాడినట్టూ ఉంటుంది.

ఓమ్‌కారం
మాట సంగతి తర్వాత, అర్థం తేలికే. వోల్టేజి అడ్డంగా, కరెంటు నిలువుగా గీస్తే వక్రం ఒక పెట్టెలో కూర్చుంటుంది. ఆ పెట్టె వెడల్పు తెరచిన వలయపు వోల్టేజి, ఎత్తు షార్ట్ సర్క్యూట్ కరెంటు. వక్రం కింద ఉన్న వైశాల్యం ఆ పెట్టెలో ఎంత భాగం నింపిందో అదే ఫిల్ ఫ్యాక్టర్. కాబట్టి ‘నిండుదనం’ సరిగ్గా సరిపోయింది.

తీగలమ్మ
పెట్టె వరకు సరే ఓమ్‌కారం గారూ, వైశాల్యం దగ్గర దారి తప్పింది. చాలామందిని ఆ ‘ఫిల్’ అనే మాటే అటు లాగుతుంది. పెట్టెలో వక్రం నింపిన చోటుతో మనకు పని లేదు. వక్రం కిందికి ఇమిడే దీర్ఘచతురస్రాల్లో అతి పెద్దదాన్ని తీసుకుని, దాని వైశాల్యాన్ని పెద్ద పెట్టెతో భాగించాలి. ఆ దీర్ఘచతురస్రం మూల వక్రాన్ని తాకే చోటే ఎక్కువ పవర్ వచ్చే బిందువు. అక్కడి వోల్టేజి Vmp, కరెంటు Imp. పెద్ద పెట్టె వెడల్పు Voc, ఎత్తు Isc.

FF = (Vmp × Imp) / (Voc × Isc)

తేడా ఎంతో అంకెల్లో చూడండి. వలయం తెరిచినప్పుడు 0.60 వోల్టులు, షార్ట్ చేసినప్పుడు 3.00 ఆంపియర్లు ఇచ్చే ఒక సిలికాన్ ఘటం ఉందనుకుందాం. పది సెంటీమీటర్ల చదరపు బిళ్ల. దాని శ్రేణి నిరోధం 0.02 ఓములు, సమాంతరంగా కరెంటు కారడం దాదాపు లేదు, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. వక్రం కింద వైశాల్యం లెక్కగడితే పెట్టెలో సుమారు 91 శాతం వస్తుంది. ఫిల్ ఫ్యాక్టర్ మాత్రం 0.74. వక్రం మలుపు తిరిగే మూల దగ్గర, చిన్న దీర్ఘచతురస్రానికి బయట మిగిలిపోయిన ముక్కల్లోంచి ఒక్క వాటు కూడా రాదు. ఎందుకంటే లోడు ఒకసారికి వక్రం మీద ఒక్క బిందువు దగ్గరే నిలబడుతుంది. ఆ బిందువు దగ్గరి వోల్టేజి, కరెంటు గుణిస్తే వచ్చేదే మన చేతికందే పవర్.

అవధానప్రియ
అయితే నా ‘నిండుదనం’ కూడా అదే తప్పుదారి పట్టిస్తుందన్నమాట. మరి ‘ఇముడు గుణకం’?

అర్ధవాహకం
‘ఇముడు’ వినడానికి కొత్తగా ఉంది కానీ, రెండు పెట్టెల బొమ్మ పక్కన పెడితే నప్పుతుందేమో. ఆలోచిస్తాను.

నైక్రోమ్
నమస్తే అందరికీ. మాట గురించి నాకు తెలియదు కానీ ఇదే ప్రయోగం ఈ సెమిస్టర్‌లో చేస్తున్నాం. మా ఘటం కూడా తీగలమ్మ గారు చెప్పినలాంటిదే, 0.60 వోల్టులు, 3 ఆంపియర్లు. హాలోజన్ దీపం కింద పెట్టి, లోడుగా లావు నైక్రోమ్ తీగ పెట్టాం. దాని మీద క్లిప్పు జరుపుతూ రీడింగులు తీశాం. ఎక్కువ పవర్ 0.36 వోల్టుల దగ్గర, 2.65 ఆంపియర్లతో, 0.95 వాట్లు. ఫిల్ ఫ్యాక్టర్ 0.53. ఘటం పాడైందని రికార్డులో రాసేయవచ్చా?

ఓమ్‌కారం
అప్పుడే రాయకు తమ్ముడూ. నీ రీడింగులో అసలు అనుమానం 0.36 మీదే. గరిష్ఠ పవర్ బదిలీ సూత్రం ప్రకారం లోడు అంతర్నిరోధానికి సమానమైనప్పుడు ఎక్కువ పవర్ వస్తుంది, అప్పుడు వోల్టేజి సగం. అంటే 0.30 దగ్గర రావాలి. అక్కడ ఇంకోసారి చూడు.

తీగలమ్మ
సగం వోల్టేజి అనేది బ్యాటరీ లాంటి సరళరేఖ మూలానికి. ఇది వంపు. నేను చెప్పిన ఘటంలో 0.30 వోల్టుల దగ్గర కరెంటు ఇంకా పూర్తి 3 ఆంపియర్లే ఉంటుంది, పవర్ 0.90 వాట్లు. ఇంకా ముందుకు వెళ్తే 1.33 దొరుకుతుంది. అయితే మీ సూత్రం పూర్తిగా కొట్టేయదగ్గది కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

నైక్రోమ్, ఒక్క ప్రశ్న. వోల్టుమీటర్ తీగలు ఎక్కడ తగిలించారు? లోడు కొసల దగ్గరా, ఘటం మీదా?

నైక్రోమ్
లోడు కొసల దగ్గరేనండి. ఘటం నుంచి రెండు తీగలు, మధ్యలో అమ్మీటర్, తర్వాత నైక్రోమ్.

తీగలమ్మ
అదే. ఆ తీగలు, క్లిప్పులు, అమ్మీటర్ అన్నీ కలిపి 0.05 ఓములు ఉన్నాయనుకోండి. మామూలు సర్క్యూట్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ 2.65 ఆంపియర్ల దగ్గర అవే 0.13 వోల్టులు తినేస్తాయి. ఘటం మొత్తం ఇచ్చేదే 0.60.

దీన్ని కనిపెట్టడం ఎందుకు కష్టమంటే, రెండు కొసల రీడింగులూ చక్కగా వస్తాయి. వలయం తెరిచినప్పుడు కరెంటే లేదు, కాబట్టి తీగల్లో వోల్టేజి పడిపోదు, 0.60 అలాగే ఉంటుంది. షార్ట్ చేసినప్పుడు తీగల వల్ల ఘటం మీద 0.15 వోల్టులు మిగులుతాయి. కానీ వక్రం అక్కడ బల్లపరుపుగా ఉంది కనుక కరెంటు మారదు, 3 ఆంపియర్లే. నష్టమంతా మధ్యలోనే. వక్రం భుజం జారిపోతుంది, ఫిల్ ఫ్యాక్టర్ ఒక్కటే ఫిర్యాదు చేస్తుంది.

వోల్టుమీటర్ తీగలు రెండూ తీసి నేరుగా ఘటం మీది బస్‌బార్‌కు తాకించండి. కరెంటు తీగలు వేరుగా ఉండనివ్వండి. వోల్టుమీటర్‌లోకి కరెంటు దాదాపు వెళ్లదు కాబట్టి దాని తీగల నిరోధం లెక్కలోకి రాదు. ఇంకొకటి, Voc మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. దీపం వేడికి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. రెండూ కలవకపోతే ఆ పట్టికను పక్కన పెట్టాల్సిందే.

మేడమీద
మంచి చర్చ. మా ఇంటి మీద 330 వాట్ల ప్యానెళ్లు పెట్టించాం. మే నెల మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఒక్కోటి 280 దాటదు. ఇన్‌వర్టర్ మీద ఎంపీపీటీ అని రాసుంది కదా, అది గరిష్ఠ శక్తి బిందువును పట్టుకోవడం లేదా? ఫిల్ ఫ్యాక్టర్ పడిపోయిందా? పెట్టినాయన ఫోనే ఎత్తడం లేదు.

తీగలమ్మ
మీది వేరే విషయమండీ. 330 అనేది ఘటం 25 డిగ్రీల్లో ఉన్నప్పటి లెక్క. మే ఎండలో ప్యానెల్ 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. సిలికాన్ ప్యానెల్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పవర్ పోగొట్టుకుంటుంది, అంటే 35 డిగ్రీలకు 14 శాతం. 330లో అది తీసేస్తే 284. మీ ఇన్‌వర్టర్ పని చేస్తున్నట్టే ఉంది. ఫిల్ ఫ్యాక్టర్ చూడాలంటే ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద నాలుగు అంకెలూ ఉంటాయి, పైన రాసిన సూత్రంలో వేసుకోండి. కాకపోతే అది కొత్తప్పటిది, ఇప్పటిది కాదు.

నీడ పడే మేడ అయితే మాత్రం మీ అనుమానానికి చోటుంది. అప్పుడు పవర్ వక్రానికి ఒకటికి మించి గుట్టలు వస్తాయి, ఇన్‌వర్టర్ చిన్న గుట్ట మీదే ఆగిపోవచ్చు.

మేడమీద
సాయంత్రం నాలుగు తర్వాత నీళ్ల ట్యాంకు నీడ పడుతుంది. అదీ చూస్తాను.

అర్ధవాహకం
ఇక్కడ ఒక చిన్న అభ్యంతరం. మేడమీద గారు అందరిలాగే ‘గరిష్ఠ శక్తి బిందువు’ అన్నారు. మన భౌతికశాస్త్ర పాఠాల్లో శక్తి అంటే జౌళ్లలో కొలిచేది, వాట్లలో కొలిచేది సామర్థ్యం. కాబట్టి ‘గరిష్ఠ సామర్థ్య బిందువు’ అనాలి.

అవధానప్రియ
అనాలి కానీ ఎవరంటారండీ? ‘సౌరశక్తి’, ‘విద్యుచ్ఛక్తి’ జనం నోట్లో నానిపోయాయి. పైగా సామర్థ్యం అనగానే ఎంత బాగా పని చేస్తోందో అనుకుంటారు.

అర్ధవాహకం
దానికి దక్షత ఉంది కదా. పరీక్ష రాసే పిల్లలకు మూడూ కలిసిపోతే కష్టం. నేను సామర్థ్యమే ఉంచుతాను.

నైక్రోమ్
తీగలు మార్చి మళ్లీ తీశాం. దీపానికి, ఘటానికి మధ్య అట్ట అడ్డుపెట్టి, రీడింగు తీసేటప్పుడు మాత్రమే తప్పించాం. Voc మొదట 0.60, చివర కూడా 0.60. మలుపు దగ్గర రీడింగులు ఇవి:

0.39 వో, 2.99 ఆం, 1.17 వా
0.44 వో, 2.94 ఆం, 1.29 వా
0.47 వో, 2.82 ఆం, 1.33 వా
0.49 వో, 2.65 ఆం, 1.30 వా
0.52 వో, 2.23 ఆం, 1.16 వా

ఫిల్ ఫ్యాక్టర్ 0.74. కానీ ఘటం మీద వోల్టేజి 0.15 కంటే కిందికి రావడం లేదు, షార్ట్ చేసినా సరే.

తీగలమ్మ
రాదు, కరెంటు తీగల నిరోధం అలాగే ఉంది కదా. సున్నా దాకా లాగాలంటే వలయంలో ఇంకో చిన్న సప్లై ఎదురు తగిలించాలి. మీకు అవసరం లేదు, 0.15 నుంచే వక్రం చదునుగా ఉంది కనుక Isc 3.00 అని తీసుకోవచ్చు.

ఇప్పుడు ఓమ్‌కారం గారి సూత్రం. బిందువుకు అటూ ఇటూ ఉన్న 0.44, 0.49 రీడింగులు తీసుకోండి. వోల్టేజి 0.05 మారితే కరెంటు 0.29 మారింది. భాగిస్తే 0.17 ఓములు. లోడు నిరోధం 0.47ను 2.82తో భాగిస్తే అదీ 0.17. అంటే ఆ బిందువు దగ్గర వక్రపు వాలు చెప్పే నిరోధం, లోడు నిరోధం సమానం. సూత్రం నిలబడింది, సగం వోల్టేజి అన్న ముక్కే వంపు వక్రానికి చెల్లదు.

ఓమ్‌కారం
అదే కదా నేనన్నది, లోడు అంతర్నిరోధానికి సమానం కావాలని! సరే, 0.74 దగ్గరే ఎందుకు ఆగింది? ఒకటి ఎందుకు కాదు?

తీగలమ్మ
డయోడ్ మలుపు ఎప్పుడూ లంబకోణం కాదు. నిరోధం అసలు లేకపోయినా 0.60 వోల్టుల ఆదర్శ ఘటానికి 25 డిగ్రీల దగ్గర 0.83 దాటదు. ఆపైన 0.02 ఓములను 3 ఆంపియర్లతో గుణించి 0.60తో భాగిస్తే 0.1 వస్తుంది. అంటే సుమారు పదో వంతు కోత. 0.83లో పదో వంతు పోతే 0.75, మీ కొలతకు దగ్గరే.

నైక్రోమ్
ఆ 0.02 ఘటం లోపలిదా, బస్‌బార్ దగ్గర మా క్లిప్పు సరిగ్గా తాకకపోవడం వల్లా అని ఎలా తెలుస్తుంది?

తీగలమ్మ
ఈ పట్టిక ఒక్కదానితో తెలియదు. వోల్టుమీటర్ ముల్లును కరెంటు క్లిప్పుకు దూరంగా, బస్‌బార్ మీదే వేరే చోట పెట్టి మళ్లీ తీయండి. అంకె కదిలితే క్లిప్పుదీ వాటా ఉన్నట్టే.

అర్ధవాహకం
మీ రెండు పట్టికలూ పాఠంలో పెట్టుకుంటాను నైక్రోమ్, అభ్యంతరం లేకపోతే. శీర్షిక ప్రస్తుతానికి ‘ఫిల్ ఫ్యాక్టర్’ అని తెలుగు లిపిలోనే ఉంచి, కింద రెండు పెట్టెల బొమ్మ గీస్తున్నాను. ‘ఇముడు గుణకం’ పిల్లల ముందు ఒకసారి అని చూస్తాను.

అవధానప్రియ
మరి వక్రం మలుపును ఇంగ్లీషులో మోకాలు అంటారట కదా, పైన తీగలమ్మ గారేమో భుజం అన్నారు. దాన్నీ తేల్చండి.