చర్చ: 19.99 బిల్లుకి గేట్‌వేలో 19.98 ఎందుకు పడుతోంది?

నవీన్_నల్గొండ
మా సూపర్ మార్కెట్ బిల్లింగ్ నోడ్‌లో రాశాం, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. బిల్లు మొత్తం కాలమ్ FLOAT. ఆన్‌లైన్ చెల్లింపుల గేట్‌వే మొత్తాన్ని పైసల్లో అడుగుతుంది కాబట్టి, వందతో గుణించి parseInt పెట్టి పంపుతున్నాం. సాయంత్రం సెటిల్‌మెంట్ షీట్‌తో సరిచూస్తే కొన్ని బిల్లులకు సరిగ్గా ఒక పైసా తక్కువ పడుతోంది. 25.50 బిల్లు బాగానే వెళ్లింది, 19.99 మాత్రం 19.98 అయింది. ఒక్క పైసాయే కదా అంటే అకౌంటెంట్ గారు ఒప్పుకోవట్లేదు. ఎక్కడ పోతోంది?

శ్రీను_కౌంటర్
బిల్లు కింద రౌండాఫ్ లైన్ పెట్టెయ్ తమ్ముడూ. 25 పైసలు, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లట్లేదు కూడా. ఇప్పుడు పైసలు ఎవరు అడుగుతారు? మా దగ్గర అందరికీ రూపాయికి సర్దేస్తాం.

నవీన్_నల్గొండ
నగదుకి మేమూ అలాగే చేస్తాం అన్నా. ఇది కార్డు, యూపీఐ. బిల్లు మీద ఒక అంకె, కస్టమర్ ఖాతాలోంచి పోయేది ఇంకో అంకె.

సుజాత_డీబీ
నవీన్ గారూ, మీ బ్రౌజర్ కన్సోల్‌లో ఇది కొట్టి చూడండి:

```js
19.99 * 100              // 1998.9999999999998
parseInt(19.99 * 100)    // 1998
25.50 * 100              // 2550
```

parseInt చుక్క తర్వాత ఉన్నదంతా కోసేస్తుంది, దగ్గరి అంకెకు సర్దదు. మీ పైసా అక్కడే పోతోంది. కానీ అసలు తేడా అంతకు ముందే వచ్చింది. ఫ్లోట్‌లో భిన్నం అంటే అర, పావు, అరపావు అలా సగాలు సగాలుగా కలిపి కట్టేదే. 0.50 అందులో సరిగ్గా ఇముడుతుంది. 0.99 ఎన్ని సగాలు కలిపినా కచ్చితంగా రాదు. అందుకే 19.99 అని మీరు రాసినా లోపల ఉండేది 19.98999999... అనే దగ్గరి విలువ. 00 నుంచి 99 వరకు ఉన్న వంద పైసల విలువల్లో కచ్చితంగా నిలిచేవి నాలుగే: 00, 25, 50, 75. మిగతావన్నీ కాస్త పైనో కిందో ఉంటాయి. వందతో గుణించాక పూర్ణాంకానికి కాస్త కింద పడ్డవి parseIntలో పైసా పోగొట్టుకుంటాయి, మిగతావి బతికిపోతాయి. మీకు కొన్ని బిల్లుల్లోనే తేడా రావడం అందుకే.

కిరణ్_జేఎస్
ఇంతేగా, parseInt తీసేసి Math.round పెడితే 1999 వస్తుంది. దీనికోసం టేబుళ్లు మార్చాల్సిన పని లేదు. నేను ఎప్పట్నుంచో అలాగే చేస్తున్నా.

సుజాత_డీబీ
కిరణ్ గారు చెప్పింది ఈ గేట్‌వే లైనుకి సరిపోతుంది. విలువలో రెండే దశాంశాలు ఉండి, మొత్తం మరీ పెద్దది కానంతవరకు Math.round సరైన పైసలే ఇస్తుంది. నవీన్ గారూ, ఈ రాత్రికే ఆ మార్పు పెట్టేయండి. చిక్కు డిస్కౌంటు, పన్ను లెక్కల్లో వస్తుంది, ఎందుకంటే అక్కడ మూడో దశాంశం పుడుతుంది. `Math.round(1.005 * 100)` కొట్టండి. 101 రావాలి, 100 వస్తుంది. లోపల ఉన్నది 1.005 కన్నా కాస్త తక్కువ కాబట్టి.

రెండోది మీ FLOAT కాలమ్. ఇది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మైఎస్‌క్యూఎల్ FLOAT 32 బిట్లే. మొత్తం 1,31,072 రూపాయలు దాటితే అందులో పక్కపక్క విలువల మధ్య దూరం 1.56 పైసలు అవుతుంది. అంటే పైసలు విడివిడిగా నిలవవు. హోల్‌సేల్ బిల్లు 1,50,000.35 వేస్తే లోపల నిలిచేది 1,50,000.34375. దాన్ని తర్వాత Math.round కాదు కదా, ఏదీ సరిచేయలేదు. పైసా అక్కడే పోయింది.

నవీన్_నల్గొండ
అమ్మో, పెళ్లి ఆర్డర్లు లక్షన్నర దాటినవి ఉన్నాయి మేడమ్. `WHERE total = 19.99` అని వెతికితే ఆ బిల్లు దొరకకపోవడం కూడా దీనివల్లేనా?

సుజాత_డీబీ
అవును, అదే గుర్తు. FLOATలో ఉన్న 19.99, మీరు టైప్ చేసిన 19.99 ఒకటి కావు. కొత్త కాలమ్ BIGINTగా పెట్టి పైసల్లో ఉంచండి. మామూలు INT వద్దు, అది 2,14,74,836.47 రూపాయల దగ్గర ఆగిపోతుంది. ఏడాది అమ్మకాల మొత్తం దాన్ని దాటేస్తుంది. జావాస్క్రిప్ట్ వైపు భయం లేదు, పూర్ణాంకాలు దాదాపు 90 లక్షల కోట్ల రూపాయల వరకు పైసలతో సహా కచ్చితంగా ఉంటాయి. పాత బిల్లులకు మొత్తం కాలమ్‌ని మార్చకండి, లైన్ ఐటమ్‌ల నుంచి మళ్లీ కూడండి. ఐటమ్ ధరలు చిన్నవి కాబట్టి వాటిలో పైసలు ఇంకా భద్రంగానే ఉంటాయి.

కిరణ్_జేఎస్
పైసల బదులు DECIMAL(12,2) పెట్టుకోవచ్చుగా? రిపోర్టులు చదవడానికి సులువు.

సుజాత_డీబీ
పెట్టుకోవచ్చు, డేటాబేస్‌లో అది కచ్చితమే. ఒక్క జాగ్రత్త. నోడ్ డ్రైవర్ DECIMALని మామూలుగా స్ట్రింగ్‌గా ఇస్తుంది. దాన్ని కూడటానికి ఎవరో ఒకరు parseFloat పెడతారు, మళ్లీ మొదటికే వస్తాం. జావాలో BigDecimal వాడేవాళ్లు కూడా `new BigDecimal("0.1")` అని కొటేషన్లలో ఇవ్వాలి. కొటేషన్లు లేకపోతే ఫ్లోట్‌లోని తేడా అంతా లోపలికి వచ్చేస్తుంది. నోడ్‌కైతే నా ఓటు పైసలకే.

కడప_టు_కువైట్
ఒక మాట. ఇక్కడ దినార్‌కి వెయ్యి ఫిల్స్, మూడు దశాంశాలు. ఇండియా టీమ్ రాసిన కోడ్‌లో అన్నిచోట్లా 100 అని నేరుగా రాసి ఉంటే మాకు అంతా తిరగరాయాల్సి వచ్చింది. ఆ అంకె కరెన్సీ టేబుల్‌లో ఉంచండి. జపాన్ యెన్‌కి అసలు దశాంశాలే లేవు.

లత_అకౌంట్స్
నేను కోడ్ రాయను, జీఎస్టీ చూస్తాను. పైసల్లో ఉంచితే పన్నులో తేడాలు పోతాయా? 47 రూపాయల ఐటమ్‌లు మూడు, 5 శాతం స్లాబు అనుకోండి. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి 2.5 శాతం.

సుజాత_డీబీ
పోవు లత గారూ. 4700 పైసల మీద 2.5 శాతం అంటే 117.5. దాన్ని 118 చేస్తే మూడు లైన్లకు 354, రెండు పన్నులు కలిపి 7.08. బిల్లు మొత్తం 14100 మీద ఒకేసారి వేస్తే 352.5, అది 353, రెండూ కలిపి 7.06. 5 శాతం ఒకేసారి వేస్తే 7.05. ఇక్కడ ఫ్లోట్ తప్పేమీ లేదు, మూడూ పూర్ణాంకాల లెక్కలే. ఎక్కడ సర్దుతున్నాం అన్నదే తేడా. మేం లైన్ దగ్గరే సర్ది, ఆ పైసలనే దాచి, మొత్తం వాటిని కూడి తెస్తాం. అప్పుడు ముద్రించిన బిల్లును ఎవరు కూడినా అదే వస్తుంది.

```js
const cgst = Math.floor((paise * 25 + 500) / 1000);
```

లత_అకౌంట్స్
మా ఆడిటర్ గారు బిల్లు స్థాయిలోనే సర్దమంటారు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 170 పన్నును దగ్గరి రూపాయికి సర్దమంటుంది, 50 పైసలు, ఆపైన ఉంటే పైకి. దాన్ని ప్రతి బిల్లుకీ వర్తింపజేయాలా, రిటర్న్‌లో కట్టే పన్నుకేనా అన్న దాని మీద మా ఆఫీసులోనే రెండు అభిప్రాయాలున్నాయి.

నవీన్_నల్గొండ
సుజాత గారూ, ఆ Math.floor లైన్ వాపసు బిల్లులకు కూడా పనిచేస్తుందా? మాకు రిటర్న్‌లు మైనస్‌లో పడతాయి. -4700 వేస్తే -117 వస్తోంది, అమ్మినప్పుడు 118.

సుజాత_డీబీ
పనిచేయదు, బాగా పట్టుకున్నారు. ముందు కలిపే 500 మైనస్ అంకెను సున్నా వైపు నెడుతుంది కాబట్టి సగం దగ్గర గుర్తును బట్టి ఫలితం మారుతుంది. Math.round పెట్టినా ఇదే జరుగుతుంది. గుర్తు పక్కన పెట్టి లెక్క వేసి చివర్లో మైనస్ తగిలించండి. ఇంకా మంచిది, వాపసుకి పన్ను మళ్లీ లెక్కించకుండా అసలు బిల్లు లైన్‌లో దాచిన 118నే తిరగేయండి. రేటు మధ్యలో మారినా అప్పుడు ఇబ్బంది ఉండదు.

నవీన్_నల్గొండ
సరే, గేట్‌వే లైన్ మార్చేశాను. వారాంతంలో లైన్ ఐటమ్‌ల నుంచి పాత బిల్లులు మళ్లీ కూడతాను. లైన్ దగ్గర సర్దాలా, బిల్లు దగ్గరా అన్నది మా అకౌంటెంట్ గారు తేల్చాక మళ్లీ రాస్తాను. మీలో బిల్లు స్థాయిలో సర్దేవాళ్లు ఎవరైనా ఉంటే, సగం సరుకు వాపసు వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో చెప్పండి.