క్రియాటిన్ మొదలెట్టి 21 రోజులు: అద్దంలో నిండుగా ఉన్నాను, టేపులో ఏమీ లేదు. ఏది నమ్మాలి?

పాలకొండ_రోడ్డు
అందరికీ నమస్తే. ఉండేది శ్రీకాకుళం, వయసు 23. జిమ్‌కి వెళ్ళబట్టి ఏడు నెలలు. మూడు వారాల కిందట క్రియాటిన్ మొదలెట్టాను, రోజుకి 5 గ్రాములు, లోడింగ్ చెయ్యలేదు. అప్పుడు బరువు 66, ఇప్పుడు 67.3. అద్దంలో భుజాలూ చేతులూ నిండుగా కనిపిస్తన్నాయి. మా అమ్మ కూడా "చొక్కా పట్టేసినట్టుందిరా" అంది. టేపు పెడితే మాత్రం చెయ్యి మొదటి రోజూ 33.5 సెంటీమీటర్లే, నిన్నా 33.5 సెంటీమీటర్లే. జిమ్‌లో మెషీన్ ఎక్కించి కాగితం ఇచ్చారు, అందులో "కండ 1.4 కేజీలు పెరిగింది" అని ఉంది. టేపు అబద్ధమా, కాగితం అబద్ధమా? ఇంకోటి, పొద్దున్న వేసుకోవాలా, జిమ్ అయ్యాకా?

కోట_జంక్షన్
అదంతా నీళ్ళు బావు. చర్మం కింద నీరు పట్టీసి ఉబ్బినావు. డబ్బా మానీ, రెండు వారాల్లో మళ్ళీ పాత మనిషివే. నేను 2021లో వాడాను, మూడు డబ్బాలు తగలేశాను, చివరకి మిగిలింది ఖాళీ డబ్బాలు. వాటిలో మా ఇంట్లో చింతపండు పోసుకున్నారు.

సోంపేట_కొబ్బరితోట
తమ్ముడూ, ఆ సంగతి తరవాత. ముందు క్రియాటినిన్ చూయించుకున్నావా? మాది ఉద్దానం. మా పెదనాన్నకి ఆ నెంబరు పెరిగిందని తెలిసిన రోజు నుంచి డయాలసిస్ దాకా నేను పక్కనే ఉన్నాను. ఆ పేరున్న పొడిని డబ్బులిచ్చి కొని తాగడమేటి? మీ ట్రైనర్లకి కొంచెమైనా భయం లేదేటి?

కోట_జంక్షన్
పేరు ఒకలా ఉంటే ఒకటే అయిపోద్దా? పొడి క్రియాటిన్, రక్తంలో చూసేది క్రియాటినిన్.

సోంపేట_కొబ్బరితోట
పేరు గురించి నాకు పాఠం చెప్పకు. ఇంటికి నలుగురం రిపోర్టులు చదవడం వచ్చినోళ్ళం మా ఊళ్ళో.

కొండవెలగాడ_బార్బెల్
మీరు ఇద్దరూ ఆగండి. మాది కొండవెలగాడ, బార్ పట్టని ఇల్లు వెతుక్కోవాలి మా ఊళ్ళో. ఆమదాలవలస ఆడపిల్ల సిడ్నీలో కాంస్యం తెచ్చిన 2000 సంవత్సరంలోనే నేను పచ్చి పిల్లోడిగా రాడ్డు ఎత్తాను. టేపూ అద్దమూ ఆడోళ్ళ సరదా. కండ పెరిగిందా లేదా బారే చెప్తాది. బరువు పెరిగితే కండ పెరిగినట్టే, అంతే లెక్క.
క్రియాటిన్‌తో నాకు జరిగింది వినండి. అప్పుడు నాది 67 కేజీల కేటగిరీ. పోటీకి పది రోజుల ముందు ఎవరో చెప్తే రోజుకి 20 గ్రాములు కొట్టాను. తూకం పోటీకి రెండు గంటల ముందు. కాటా మీద 68.1! ప్లాస్టిక్ జాకెట్టు వేసుకొని మెట్లు ఎక్కి దిగి, ఉమ్మి ఉమ్మి దించాను. ఆ తరవాత ఎత్తడానికి ఒంట్లో ఏముంటాది? స్నాచ్ మూడుకి మూడూ పడిపోనాయి.

బొబ్బిలి_వీణ
అందరూ అడిగినాయన్ని వదిలేశారు. నేను ఫిజియోథెరపీ చేస్తాను. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళ తొడ ఎంత సన్నబడింది, ఎంత కోలుకుంది అని కొలిచే పని నాది, అందుకని టేపు గురించి కొంచెం తెలుసు.

పాలకొండ_రోడ్డు గారూ, ముందు మీ కాగితం సంగతి. ఆ మెషీన్ మీ కండని చూడదు. అరికాళ్ళ నుంచీ అరచేతుల నుంచీ చిన్న కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోయిందో చూసి లెక్క కడుతుంది. నీళ్ళలో కరెంటు బాగా పోతుంది, కొవ్వులో పోదు. ఒంట్లో నీరు పెరిగితే దానికి కండ పెరిగినట్టే కనబడుతుంది. మీరు క్రియాటిన్ తీసుకున్నారు, అది కండ కణాల్లోకి చేరి తనతో నీటిని లాక్కుంటుంది. కాబట్టి 1.4లో చాలా భాగం నీరే. కాగితం అబద్ధం ఆడలేదు, నీటికి కండ అని పేరు పెట్టింది, అంతే.

కోట_జంక్షన్ గారు సగం సరిగ్గా చెప్పారు. నీరు నిజమే, కానీ అది చర్మం కింద కాదు, ఎక్కువగా కండ కణం లోపలే. అందుకే మీరు ఉబ్బినట్టు కాక నిండినట్టు కనిపిస్తున్నారు. శనగలు రాత్రి నానబెట్టి పొద్దున్న చూడండి. గింజ లావై తోలు బిగుస్తుంది, కానీ గిన్నెలో గింజల లెక్క మారదు, పప్పు కూడా పెరగదు. మీ చేతుల్లో జరిగింది అదే.

ఇప్పుడు టేపు ఎందుకు కదల్లేదో చూద్దాం. మీ ఒంట్లో కండ 28 కేజీలు అనుకోండి. దాంట్లోకి 1.2 కేజీల నీరు చేరితే 4 శాతం చిల్లర. అది చేతికే కాదు, తొడలకీ వీపుకీ పిర్రలకీ అన్నిటికీ పంచుకుంటుంది. చెయ్యి అడ్డుకోత 4 శాతం పెరిగితే చుట్టుకొలత అందులో సగమే పెరుగుతుంది, 2 శాతం. 33.5 మీద అది 0.67 సెంటీమీటర్లు. చేతిలో ఎముకా చర్మమూ కొవ్వూ పెరగవు కాబట్టి అర సెంటీమీటరే అనుకోండి. చేతిలో టేపు కాస్త వదులుగా పడ్డా, కాస్త లాగినా వచ్చే తేడా కూడా అంతే. కన్ను మాత్రం చుట్టుకొలత చూడదు. భుజం, చెయ్యి కలిసే చోట గీతనీ నీడనీ చూస్తుంది. కండ బిగిసి చర్మం కొంచెం సాగితే ఆ నీడ లోతవుతుంది. అద్దం ముందు మారేది అందుకే.

అడగడం మరిచాను: ఆ రెండు కొలతలూ ఎప్పుడు తీశారు, ఏ వేళ?

కొండవెలగాడ_బార్బెల్
అన్నా, బారు సంగతి ఏటి మరి? అతని బెంచ్ పెరిగిందో లేదో అడక్కుండా శనగలు కొలుస్తున్నావు.

బొబ్బిలి_వీణ
అన్నా కాదు, అక్కా.
బెంచ్ పెరిగినా మొదటి నెలలో అది కండ పెరిగినట్టు కాదు. క్రియాటిన్ ఉంటే ఒక సెట్టులో ఒకటి రెండు రెప్స్ ఎక్కువ వస్తాయి, ఇంధనం తొందరగా తిరిగి నిండుతుంది కాబట్టి. దానికి తోడు మొదటి నెలల్లో నరాలు బారుని పట్టడం నేర్చుకుంటాయి. రెండిటిలో ఏదీ కొత్త కండ కాదు. ఆ ఎక్కువ రెప్స్ నెలల తరబడి పోగైతే వచ్చేదే అసలు పెరుగుదల, అదీ ఎక్కువేం కాదు. స్కానింగులో కొలిచినవాళ్ళకి క్రియాటిన్ వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ తేడా కండ మందంలో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గరే. కొత్తగా మొదలెట్టినవాడికి మొదటి మూడు వారాల్లో కండ లావుగా కనిపించినా, అందులో దెబ్బతిన్న కండ వాపు కూడా కలిసి ఉంటుంది.

కొండవెలగాడ_బార్బెల్
అక్కా, మీరు స్కానింగులో చూడండి, మేం పోటీలో చూస్తాం. 25 ఏళ్ళ అనుభవం ముందు మిల్లీమీటర్లు ఏటి?

కోట_జంక్షన్
అనుభవంలో మూడు స్నాచ్‌లు పడ్డాయి కదన్నా 🙂

కొండవెలగాడ_బార్బెల్
రాయి బాబూ రాయి. ఎదురుగా ఉంటే మాట్లాడు.

పాలకొండ_రోడ్డు
అక్కా, మొదటి కొలత జిమ్‌లోనే, సాయంత్రం, బైసెప్స్ రోజు సెట్లు అయిపోయాక తీశాను. ఆ పూట నిండుగా ఉంది కదా అని. నిన్నటిది ఆదివారం పొద్దున్న, లేచి మొహం కడుక్కోకముందే, ఇంట్లో. అద్దం మాత్రం రెండుసార్లూ జిమ్‌దే, పైన ట్యూబులైటు ఉన్నది.

బొబ్బిలి_వీణ
ఇంకేం కావాలి. మొదటి 33.5లో వ్యాయామం వల్ల చేరిన రక్తమూ ఉంది, అది గంటా రెండు గంటల్లో దిగిపోతుంది. చేతుల రోజున ఒక సెంటీమీటరు దాకా తేడా రావచ్చు. రెండోది చల్లబడ్డ చెయ్యి. అంటే చల్లగా కొలిస్తే ఆ రోజు మీ చెయ్యి 33కి దగ్గర్లో ఉండి ఉండొచ్చు, టేపు దాచింది. ఎంత దాచిందో ఇప్పుడు చెప్పలేం.

ఇప్పటి నుంచి ఇలా చెయ్యండి. వారానికి ఒక్క రోజు, పొద్దున్న, మూత్రానికి వెళ్ళి వచ్చాక, చేతుల రోజు మర్నాడు కాకుండా. భుజం ఎముక కొన నుంచి మోచేతి ఎముక దాకా సగం దూరం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. చెయ్యి వదులుగా కిందికి దించండి, టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. మూడుసార్లు తీసి మధ్యలోది రాయండి. దర్జీ దగ్గరి పాత గుడ్డ టేపు వద్దు, సాగిపోయి ఉంటుంది. ఎనిమిది, పన్నెండు వారాలైతే గానీ దాని మీద మాట చెప్పకండి. పూట సంగతా, ఏ పూటైనా ఒకటే, రోజూ వేసుకోవడం ముఖ్యం.

రాజాం_స్వామి
నా అనుభవం రాస్తాను. రెండేళ్ళు వాడాక కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు క్రియాటిన్ లేదు, జిమ్ లేదు, మాంసం లేదు. చెయ్యి 36 ఉండేది, 35కి వచ్చింది, బరువు మూడు కేజీలు పోయింది. శబరిమల నుంచి వచ్చి మళ్ళీ మొదలెట్టిన పది రోజులకే 35.7. కాబట్టి అంతా నీళ్ళే. నిరూపణ అయిపోయింది.

బొబ్బిలి_వీణ
స్వామీ, మీరు నాలుగు పనులు ఒకేసారి మానేశారు. మాంసం చేపలు మానితే తిండిలో వచ్చే క్రియాటిన్ కూడా ఆగింది. బరువులు ఎత్తకపోతే కండలో దాచుకున్న పిండిపదార్థం తగ్గి దానితో నీరూ పోయింది. భిక్షలో తిండీ తగ్గింది. కండలో నిల్వ మామూలు స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, 41 రోజులకి అది సరిపోతుంది నిజమే. కానీ ఆ ఒక్క సెంటీమీటరులో ఏది దేనిదో విడదీయలేం.

రాజాం_స్వామి
అమ్మా, మీరు దేన్నీ ఒప్పుకోరు. చెయ్యి నాది, టేపు నాది.

సోంపేట_కొబ్బరితోట
నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. చదువుకున్నోళ్ళు శనగలు నానబెడుతున్నారు.

బొబ్బిలి_వీణ
మన్నించండి అన్నగారూ. క్రియాటిన్ ఒంట్లో విరిగి క్రియాటినిన్ అవుతుంది, కాబట్టి పొడి వాడేవాడి రిపోర్టులో నెంబరు కొంచెం పెరగొచ్చు, వడపోత బాగున్నా సరే. ఆరోగ్యంగా ఉన్నవాడికి మామూలు మోతాదులో కిడ్నీ చెడినట్టు తేలలేదు. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పకుండా ముట్టకూడదు. మీ వైపు వాళ్ళు మొదలెట్టకముందే ఒక పరీక్ష చేయించుకొని ఆ కాగితం దాచుకోవాలి, లేకపోతే తరవాతి నెంబరుని పోల్చడానికి ఏదీ ఉండదు.

సోంపేట_కొబ్బరితోట
తరవాత పెరిగితే? అది పొడి వల్లా, కిడ్నీ వల్లా అని ఎలా తెలుస్తాది?

బొబ్బిలి_వీణ
పొడి మానేసి కొన్ని వారాలయ్యాక మళ్ళీ చేయించాలి, డాక్టరుకి పొడి సంగతి దాచకుండా చెప్పాలి. సిస్టాటిన్ సి అని ఇంకో పరీక్ష ఉంది, కండతోనూ ఈ పొడితోనూ దానికి అంత సంబంధం లేదు.

సోంపేట_కొబ్బరితోట
ఆ కొన్ని వారాలూ మా ఇళ్ళల్లో ఎవడికీ నిద్ర పట్టదమ్మా. మీకు అది తెలీదు.

కోట_జంక్షన్
నిజమే. ఆ మాట దగ్గర నేను నోరెత్తను.

పాలకొండ_రోడ్డు
ఈ రోజు పొద్దున్న గీత పెట్టి తీశాను: 33.6, 33.4, 33.6. మధ్యది రాసుకున్నాను, 33.6. అమ్మ మళ్ళీ చొక్కా పట్టేసిందంటోంది. దసరాకి కుట్టించింది, ఉతికి ఉతికి కుంచించుకుపోయిందో ఏటో, రేపు ఇంకో చొక్కా వేసుకు చూస్తాను.