కారం మిల్లు కేసు: బడికి 12 లక్షలు ఇస్తే కంపెనీ పై మెట్టు ఎక్కినట్టేనా?

బ్రాడీపేట_ఎంబీఏ:
మోడల్ పేపర్‌లో కేసు ఇది. గుంటూరు శివార్లలో కారం పొడి కంపెనీ, మూడేళ్ల సగటు నికర లాభం 6 కోట్లు. చిమ్నీ దగ్గర దుమ్ము కాలుష్య నియంత్రణ మండలి పరిమితిలోనే ఉంది. అయినా గ్రైండింగ్ గదిలో ఆడకూలీలకీ, గోడ పక్క ఇళ్లలో పిల్లలకీ ఆగని దగ్గు. దుమ్ము పట్టేసే బ్యాగ్ ఫిల్టర్‌కి 40 లక్షలు అవుతుంది. అది వాటాదారుల డబ్బు అని బోర్డు వద్దంది. ఛైర్మన్ సొంతూళ్లో బడి గదులకు మాత్రం 12 లక్షలు ఇచ్చింది. కంపెనీ సామాజిక బాధ్యతలో, అంటే సీఎస్ఆర్‌లో, ఏ స్థాయిలో ఉంది, వాటాదారుల దృష్టి నుంచి, కూలీలు, పక్కిళ్లవాళ్లతో సహా కంపెనీ ప్రభావం పడే స్టేక్‌హోల్డర్లందరి దృష్టి నుంచి చర్చించండి అన్నారు. బడికి ఇచ్చారు కాబట్టి, మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ కారల్ గీసిన కంపెనీ బాధ్యతల పిరమిడ్‌లో ఇది దాతృత్వం, అన్నిటికన్నా పై మెట్టు అని రాశాను. మా ఫ్రెండ్ తప్పంటోంది. సోమవారం ఇంటర్నల్, టెన్షన్‌గా ఉంది.

బెంజిసర్కిల్_సీఏ:
మీ ఫ్రెండే కరెక్ట్, కారణం చెప్తాను. 6 కోట్లలో 2 శాతం ఎంత? సరిగ్గా 12 లక్షలు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం సీఎస్ఆర్‌కి తప్పనిసరిగా పెట్టాల్సిన ఆ 2 శాతమే పెట్టారు. ఇందులో దాతృత్వం ఎక్కడుంది? అది చట్టం మెట్టు. ఇక దుమ్ము మండలి పరిమితిలోనే ఉందని కేసే చెప్తోంది. అంటే చట్టం వరకు కంపెనీ క్లీన్. ఆర్థికవేత్త ఫ్రీడ్‌మన్ చెప్పింది కూడా అదేగా, చట్టం దాటకుండా లాభం చూసుకోమని. ఫిల్టర్ పెట్టకపోవడం వాటాదారుల దృష్టిలో తప్పు కాదు. రాసేయండి.

తెనాలి_లెక్చరర్:
12 లక్షల సంగతి బాగా పట్టుకున్నారు తమ్ముడూ. మిగతా రెండు మాటలూ సగమే నిజం.

మండలి రిపోర్టు దేని గురించి? చిమ్నీ గురించి. దగ్గు మొదట ఎక్కడొస్తోంది? గ్రైండింగ్ గదిలో. పని గదిలో దుమ్ము కార్మికుల ఊపిరిలోకి పోకుండా చూడాలన్న నిబంధన 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉంది, ఆ చట్టంలో అది 14వ సెక్షన్. చిమ్నీ రిపోర్టు సరిగా ఉన్నంత మాత్రాన గదిలో బాధ్యత తీరిపోదు. కేసు రాసినవాళ్లు ఆ రెండు చోట్లనూ విడివిడిగా చెప్పింది అందుకే అని నా నమ్మకం. పేపర్లు దిద్దేటప్పుడు చూస్తుంటాను, పదిలో ఎనిమిది మంది 'పరిమితిలోనే ఉంది' అన్న చోట ఆగిపోతారు.

ఇక ఫ్రీడ్‌మన్. 1970 వ్యాసంలో ఆయన చట్టం ఒక్కటే అనలేదు, సమాజంలో నైతిక ఆచారంగా స్థిరపడిన నియమాలకూ లోబడాలన్నారు. కాలుష్యం ఉదాహరణ కూడా అందులోనే ఉంది. చట్టం అడిగినదానికన్నా, కంపెనీకి మేలు చేసేదానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టడమే ఆయన అభ్యంతరం. కాబట్టి ఆయన పక్షాన వాదించేవాళ్లు అడగాల్సిన ప్రశ్న 'ఫిల్టర్ వల్ల కంపెనీకి మేలుందా' అని. బోర్డు ఆ లెక్క వేసినట్టు కేసులో ఎక్కడా లేదు. వాటాదారుల పేరు చెప్పి ఊరుకుంది.

పట్నంబజార్_మిల్లు:
అయ్యా, మాది చిన్న కారం మిల్లు, ముగ్గురం భాగస్తులం. లాభం ఏడాదికి 30 లక్షలు దాటదు. అంటే మాకు ఈ సీఎస్ఆర్ వర్తించదు కదా? కిందటేడు పక్కింటివాళ్లు ఘాటు భరించలేకపోతున్నామని గొడవకొస్తే మా ఆడిటర్ మీకు ఆ చట్టం లేదన్నాడు. నిశ్చింతగా ఉన్నాం.

బెంజిసర్కిల్_సీఏ:
బాబాయ్, 2 శాతం ఖర్చు మీకు లేదు, నిజమే. అది కంపెనీలకు, అందులోనూ ముందటి ఏడాది నికర లాభం 5 కోట్లు, టర్నోవర్ వెయ్యి కోట్లు, నికర విలువ 500 కోట్లు, వీటిలో ఏ ఒక్కటైనా చేరినవాటికే. మీది భాగస్వామ్య సంస్థ. కానీ పక్కింటివాళ్ల ఘాటుకూ 2 శాతానికీ సంబంధమే లేదు. కాలుష్య చట్టాలు మిల్లు చిన్నదని వదలవు. ఆడిటర్ గారు మీరు అడగని ప్రశ్నకు జవాబిచ్చారు.

తెనాలి_లెక్చరర్:
మిల్లు అన్నగారు అడిగిందాంట్లోనే అసలు విషయముంది. 2 శాతం కట్టడం, తన పని వల్ల పక్కవాడికి జరిగే హానిని ఆపడం వేర్వేరు సంగతులు. ఈ కేసులో కంపెనీ 40 లక్షల ఫిల్టర్ పెట్టి దాన్నే సీఎస్ఆర్ ఖర్చుగా చూపిస్తానన్నా కుదరదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని, వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని సీఎస్ఆర్ నియమాలు లెక్కలోంచి తీసేశాయి. ఫిల్టర్ ఖర్చు ఆ 12 లక్షలకు బయటే ఉంటుంది.

కారల్ 1991లో నాలుగు బాధ్యతలను పిరమిడ్‌గా గీశారు: అడుగున ఆర్థికం, ఆపైన చట్టం, నైతికం, కొసన దాతృత్వం. బొమ్మ చూసి పిల్లలు మెట్లెక్కడం అనుకుంటారు. ఆయన ఉద్దేశం నాలుగూ ఒకేసారి నెరవేర్చాలని. పైగా దాతృత్వం మిగతా మూడిటంత ముఖ్యం కాదని ఆయనే అన్నారు. కొసన బడి గదులు కట్టినంత మాత్రాన నైతికం దగ్గరున్న ఖాళీ పూడదు. అమ్మా బ్రాడీపేట, నీ జవాబులో తప్పు అదే.

కృష్ణలంక_వాటాదారు:
నేను ఒప్పుకోను. నా రిటైర్మెంట్ డబ్బు ఇలాంటి చిన్న కంపెనీల్లోనే ఉంది. ఊరికి మేలు చేయాలంటే నా డివిడెండ్‌లోంచి నేనే చేస్తాను. నా తరఫున డైరెక్టర్లు దానధర్మాలు చేయక్కర్లేదు. 40 లక్షలంటే లాభంలో పదిహేనో వంతు!

బెంజిసర్కిల్_సీఏ:
సార్, 40 లక్షలూ ఒక్క ఏడాది లాభంలోంచి పోవు. ఫిల్టర్ పదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి తరుగుదల 4 లక్షలు. బ్యాగులు మార్చే ఖర్చు, ఫ్యాన్ కరెంటు ఇంకో 4 లక్షలు వేసుకోండి, ఇది నా అంచనా మాత్రమే. 6 కోట్ల మీద 8 లక్షలు ఒకటిన్నర శాతం కూడా కాదు. గ్రైండింగ్ గది కూలీలు సీజన్ మధ్యలో దగ్గుతో మానేస్తే పోయేది ఎంతో లెక్కేయండి. నేనూ మొదట ఆ లెక్క వేయలేదు, ఫ్రీడ్‌మన్ ఒప్పుకుంటాడని తొందరపడ్డాను.

కృష్ణలంక_వాటాదారు:
ఆ లెక్క బోర్డు నా ముందు పెడితే ఓటేస్తాను. కూలీలు మానేయకపోతే? వేరే పని దొరక్క దగ్గుతూనే వస్తుంటే? అప్పుడు కంపెనీకి నష్టం లేదు. మీ వాదన అక్కడ ఆగిపోతుంది.

తెనాలి_లెక్చరర్:
గట్టి ప్రశ్న అడిగారు. రెండు దృష్టులూ విడిపోయేది సరిగ్గా అక్కడే. లాభం లెక్క 'వద్దు' అన్నప్పుడు కూడా కూలీల దగ్గుకు దానంతట దానికే బరువుందంటారు స్టేక్‌హోల్డర్ సిద్ధాంతం చెప్పిన ఫ్రీమన్ వైపువాళ్లు. మన కంపెనీల చట్టం కూడా ఆ వైపే కొంత మొగ్గింది. సెక్షన్ 166(2) డైరెక్టర్ల విధి చెప్పేటప్పుడు వాటాదారులతో పాటు ఉద్యోగులు, స్థానిక సమాజం, పర్యావరణ రక్షణ అన్నీ కలిపి చెప్తుంది. వాటి మధ్య తగవొస్తే ఎవరు ముందో మాత్రం అందులో లేదు. అందుకే మీ వాదనా నిలుస్తుంది.

బ్రాడీపేట_ఎంబీఏ:
మేడమ్, అయితే 12 లక్షల్ని చట్టం కింద రాయాలా, దాతృత్వం కింద రాయాలా? మా గైడ్‌లో దాతృత్వమనే ఉంది.

తెనాలి_లెక్చరర్:
నేనైతే చట్టం అని రాస్తే మార్కులిస్తాను. మా డిపార్ట్‌మెంట్‌లోనే ఇంకొకరు ఇవ్వరు. డబ్బు తప్పనిసరైనా ఎవరికివ్వాలో ఎంచుకున్నది కంపెనీయే, కాబట్టి దాతృత్వమే అంటారు వాళ్లు. ఏది రాసినా 2 శాతం లెక్క చూపించు. ఇంకొకటి, కంపెనీ పనిచేసే చుట్టుపక్కలకు ప్రాధాన్యమివ్వాలని అదే సెక్షన్ 135 అంటుంది. డబ్బు ఛైర్మన్ సొంతూరికి ఎందుకెళ్లిందో ఒక్క వాక్యం రాయి.

పట్నంబజార్_మిల్లు:
పక్కింటి పిల్లాడికి ఐదేళ్లు. సీఏ గారూ, మా సైజు మిల్లుకి ఆ ఫిల్టర్ ఎంతవుతుంది?