అప్‌డేట్: 9 ఎకరాల పంపకం లెక్క తేలింది

నా ప్రశ్న: "తాతల నాటి ఉమ్మడి పొలం 9 ఎకరాలు, తండ్రి 2012లో వీలునామా రాయకుండా పోయాడు, భార్య, కొడుకు, కూతురు ఉన్నారు, తలా 3 అని రాస్తే మార్కులెందుకు పోయాయి?"

నిన్న గుంటూరులో మా సీనియర్ గారు కేసు కట్ట వెనకాల పెన్సిల్‌తో గీసి చూపించారండీ, నేను ఒక మెట్టు మొత్తం వదిలేశా. తండ్రి పోయే ముందు క్షణంలోనే పంపకం అయిపోయినట్టు ఊహించుకోవాలి, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురు కూడా కోపార్సెనరే, అంటే పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఉన్న మనిషే, పెళ్లయినా సరే, కాబట్టి తండ్రి, కొడుకు, కూతురు తలా 3. భార్య కోపార్సెనర్ కాదు, మన దక్షిణాది హిందూ న్యాయ సంప్రదాయమైన మద్రాస్ స్కూల్‌లో ఈ పంపకంలో ఆమెకి వాటా పెట్టరు. ఆ తర్వాత తండ్రి వాటా 3 మాత్రమే వారసత్వంగా ముగ్గురికీ తలా 1. అంటే కొడుక్కి 4, కూతురికి 4, అమ్మకి 1. అమ్మకి ఇంత తక్కువా అని మనసు చివుక్కుమంది గానీ లెక్క మాత్రం ఇదే.