పెద్ద నక్షత్రాల్లో సీఎన్ఓ ఎందుకు గెలుస్తుంది? గోడ ఎత్తుగా ఉన్న రియాక్షన్‌కే వేగం ఎలా వస్తుంది?

తొలిమెట్టు
ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. వారం నుంచి ఒక సందేహం వదలడం లేదు. రెండు ప్రోటాన్లు కలవాలంటే వికర్షణ తక్కువ. ప్రోటాన్ వెళ్లి నైట్రోజన్‌లో దూరాలంటే ఆ వికర్షణ గోడ ఏడు రెట్లు ఎత్తు. మరి వేడి పెరిగినప్పుడు సులువైన పీపీ చైనే, అంటే ప్రోటాన్లు నేరుగా కలుస్తూ హీలియం అయ్యే దారే, ఇంకా ముందుకు పోవాలి కదా? బరువైన నక్షత్రాల్లో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌ల మీదుగా తిరిగే సీఎన్ఓ చక్రం ఎలా గెలుస్తుంది?

భౌతికం_మాష్టారు
ఇందులో పెద్ద చిక్కేమీ లేదు బాబూ. ముప్ఫై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. గోడ ఎత్తుగా ఉంటే దాటడానికి వేడి కావాలి. బరువైన నక్షత్రం కేంద్రంలో ఆ వేడి ఉంది కాబట్టి గోడ దాటేస్తుంది. పైగా సీఎన్ఓ వల్ల శక్తి కూడా ఎక్కువ వస్తుంది, అందుకే పెద్ద నక్షత్రాలు అంత కాంతిగా ఉంటాయి. అసలు 1939లో భౌతిక శాస్త్రవేత్త బేతే సూర్యుడికి కూడా ఈ చక్రమే అన్నాడు.

వేగుచుక్క
మాష్టారూ, గోడకీ వేడికీ సంబంధం గురించి మీరన్నది నిజమే. కానీ అడిగినవారి సందేహం అక్కడితో తీరదు. గోడ ఎత్తు వల్ల సీఎన్ఓకి వేడి మీద మోజు ఎక్కువని తెలుస్తుంది, అంతే. అంత గోడ పెట్టుకుని కూడా పీపీని ఎలా దాటిపోతుందో తెలియదు.

అసలు కిటుకు పీపీ చైన్ బలహీనతలో ఉంది. రెండు ప్రోటాన్లు గోడను దాటి దగ్గరికి వచ్చినా కలిసి నిలబడలేవు, ఎందుకంటే రెండు ప్రోటాన్ల కేంద్రకం అనేదే ప్రకృతిలో నిలవదు. అవి ఒకదాన్నొకటి తాకి విడిపోయే ఆ రెప్పపాటులోనే ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారిపోవాలి. అప్పుడే డ్యుటీరియం పుడుతుంది. ఆ మార్పు జరిపించేది బలహీన బలం, దానికి తొందర తెలియదు. అందుకే సూర్యుడి కేంద్రంలో ఒక ప్రోటాన్ సగటున వందల కోట్ల ఏళ్లు ఎదురుచూస్తుంది.

సీఎన్ఓలో కూడా ఇలాంటి మార్పులు రెండున్నాయి. కార్బన్-12 ఒక ప్రోటాన్‌ను మింగి నైట్రోజన్-13 అవుతుంది, అది కార్బన్-13గా మారాలి. తర్వాత ఆక్సిజన్-15 నైట్రోజన్-15గా మారాలి. అయితే తేడా చూడండి. నైట్రోజన్-13 ఒక కట్టుదిట్టమైన కేంద్రకం. దానికి తాకి విడిపోయే గొడవ లేదు, తీరిగ్గా కూర్చుని మారవచ్చు. దాని అర్ధాయువు పది నిమిషాలు. ఆక్సిజన్-15కి రెండు నిమిషాలు. ఒకచోట రెప్పపాటులో జరగాల్సిన పని, ఇంకోచోట పది నిమిషాల వ్యవధి ఉన్న పని. గోడ సంగతి పక్కనపెట్టి కేంద్రకాల సొంత సామర్థ్యం మాత్రమే పోలిస్తే, నైట్రోజన్-14 ప్రోటాన్‌ను పట్టుకునే రియాక్షన్ పీపీ మొదటి మెట్టు కన్నా 1 పక్కన 21 సున్నాలు పెట్టినన్ని రెట్లు బలమైనది. గోడ దాన్ని తొక్కిపెట్టి ఉంచుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పట్టు సడలుతుంది.

ఇక శక్తి విషయం. రెండు దారుల్లోనూ నాలుగు హైడ్రోజన్‌లు పోయి ఒక హీలియం వస్తుంది. కాబట్టి వచ్చే శక్తి ఒక్కటే, సుమారు 26.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. నిజానికి సీఎన్ఓలో న్యూట్రినోలనే కణాలు కాస్త ఎక్కువ వాటా పట్టుకుపోతాయి. మాష్టారు చెప్పిన ఆ వెలుగు రియాక్షన్లు జరిగే వేగం వల్ల వచ్చింది, ఒక్కో రియాక్షన్ ఇచ్చే శక్తి వల్ల కాదు.

భౌతికం_మాష్టారు
శక్తి సంగతి ఒప్పుకుంటున్నాను, అది పొరపాటే. కానీ బేతే మాట?

వేగుచుక్క
బేతే అలా అనుకున్న మాట నిజమే. అప్పట్లో సూర్యుడి కేంద్రం ఉష్ణోగ్రతను ఉన్నదాని కన్నా ఎక్కువగా అంచనా వేశారు, నైట్రోజన్‌ను కూడా చాలా ఎక్కువ లెక్కగట్టారు. ఈ రెండూ సవరించుకున్నాక సూర్యుడు పీపీ వైపు వచ్చాడు. కేంద్రం ఇప్పుడు 1.57 కోట్ల కెల్విన్ దగ్గర ఉందని లెక్క, సీఎన్ఓ వాటా మొత్తం మీద ఒక శాతం దగ్గర.

డాబామీద_టెలిస్కోప్
నాకు సమీకరణాలు రావు. అనంతపురంలో మా డాబా మీద చిన్న టెలిస్కోప్ ఉంది, చలికాలం అంతా మృగవ్యాధుడి మీదే పెడతాను. సూర్యుడికి రెండింతల బరువు అని చదివాను. అంటే నేను చూసే ఆ కాంతి సీఎన్ఓ వల్ల వచ్చిందేనా?

వేగుచుక్క
అవునండీ. సీఎన్ఓ పైచేయి సూర్యుడి కన్నా 1.3 రెట్ల బరువు దగ్గర మొదలవుతుంది, మృగవ్యాధుడు ఆ గీతకు బాగా పైన ఉన్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది. సీఎన్ఓకి వేడి మీద ఎంత మోజంటే, మంట అంతా నడిబొడ్డులో చిన్న చోట కుదించుకుపోతుంది. అంత వేడిని అంత ఇరుకు చోటు నుంచి కాంతి రూపంలో మాత్రమే బయటికి పంపడం కుదరదు. అందుకని కేంద్రం ఎసరులా మరుగుతూ ఉంటుంది. సూర్యుడిలో అందుకు తలకిందులు, మరిగేది బయటి పొర.

కాగితం_పెన్ను
నేను లెక్క వేసి చూశాను, మీ మాటలకు కుదరడం లేదు. సూర్యుడి ఉష్ణోగ్రత దగ్గర పీపీ వేగం ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది, సీఎన్ఓ దాదాపు ఇరవయ్యో ఘాతంతో. నేను కొంచెం తగ్గించి 19 తీసుకున్నాను. ఉష్ణోగ్రత ఇరవై శాతం పెంచితే, అంటే 1.57 నుంచి 1.88 కోట్లకు, పీపీ రెండింతలు, సీఎన్ఓ 32 రెట్లు అయింది. ఇప్పుడు సూర్యుడి వాటాలు 99, 1 తీసుకుంటే అవి 205, 32 అవుతాయి. పీపీయే ఆరింతలు ముందుంది. మరి అన్నిచోట్లా 1.7, 1.8 కోట్ల దగ్గరే సీఎన్ఓ దాటిపోతుందని రాస్తారేమిటి?

వేగుచుక్క
చాలా మంచి లెక్క. తప్పు గుణకారంలో లేదు, మొదలుపెట్టిన చోటులో ఉంది. ఆ ఒక శాతం సూర్యుడి మొత్తం వెలుగులో వాటా. పీపీ కేంద్రం చుట్టూ చాలా మేరకు మండుతుంది, సీఎన్ఓ సరిగ్గా నడిబొడ్డులో మాత్రమే. నడిబొడ్డు ఒక్కదాన్నే తీసుకుంటే సీఎన్ఓ వాటా ఒక శాతానికి కొన్ని రెట్లు. మీ లెక్కలో 1కి బదులు దాన్ని పెట్టి చూడండి, అంతరం చాలావరకు మూసుకుపోతుంది. అయినా ఆ దాటే ఉష్ణోగ్రత ఒక్క గీతలా ఉండదు. నక్షత్రంలో కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి 1.7 నుంచి 2 కోట్ల మధ్య కదులుతూ ఉంటుంది.

అందులో నైట్రోజన్-14 మెట్టు కొలతకు కూడా పాత్ర ఉంది. చక్రంలో అన్నిటికన్నా నిదానమైన మెట్టు అదే, చక్రం వేగమంతా దాని చేతిలోనే ఉంటుంది. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద లూనా బృందం 2004లో దాన్ని కొలిస్తే, అప్పటిదాకా వాడుతున్న విలువలో సగమే తేలింది. ఆ ఒక్క మార్పుతో గోళాకార నక్షత్ర గుచ్ఛాల వయసు అంచనాలు 70 నుంచి 100 కోట్ల ఏళ్ల మేర పెరిగాయి. కొండ కింద ఎందుకంటే, నక్షత్రంలో ఉండే తక్కువ శక్తుల దగ్గర ఈ రియాక్షన్ అరుదుగా జరుగుతుంది. పైన అయితే విశ్వకిరణాల హోరులో ఆ చిన్న సంకేతం వినిపించదు.

సంధ్యారాగం
నాకు అర్థమైనంతవరకు ప్రశ్న ఇది: సూర్యుడు ముసలివాడయ్యాక సీఎన్ఓకి మారతాడా? ఎందుకంటే కేంద్రం ఇంకా వేడెక్కుతుంది కదా.

వేగుచుక్క
అడిగింది బరువు గురించి అండీ, వయసు గురించి కాదు. కానీ మీ ఊహ సరైనదే. కేంద్రంలో హైడ్రోజన్ అయిపోయి చుట్టూ ఉన్న పొరలో మండే దశకు వచ్చాక, ఎర్ర రాక్షస నక్షత్రంగా సూర్యుడు సీఎన్ఓ మీదే బతుకుతాడు.

దానికి ఆనవాలు కూడా ఉంది. చక్రం తిరిగేటప్పుడు నిదానమైన మెట్టు ముందు సరుకు పేరుకుపోయినట్టు, కార్బన్ అంతా క్రమంగా నైట్రోజన్-14గా పోగవుతుంది. మిగిలిన కార్బన్‌లో కార్బన్-13 వాటా పెరుగుతుంది. రాక్షస దశలో లోపలి పదార్థం పైకి తేలితే ఆ మార్పు వర్ణపటంలో కనిపిస్తుంది. సూర్యుడిలో కార్బన్-13 ఒక పాలు ఉంటే కార్బన్-12 సుమారు 89 పాళ్లు. మన స్వాతి నక్షత్రంలో ఆ 89కి బదులు పదికి లోపే. ఆ పదార్థం ఒకప్పుడు చక్రంలో తిరిగి వచ్చినదే.

కాగితం_పెన్ను
అయితే నాది ఇంకో అభ్యంతరం. మీరంతా బరువు, వేడి అంటున్నారు. కార్బనే లేకపోతే? బిగ్ బ్యాంగ్ తర్వాత పుట్టిన మొదటి నక్షత్రాల్లో హైడ్రోజన్, హీలియం తప్ప దాదాపు ఏమీ లేదు. ఎంత బరువున్నా అక్కడ సీఎన్ఓ మొదలు కాదు. కాబట్టి నిర్ణయించేది సరుకే, బరువు కాదు.

వేగుచుక్క
ఇక్కడ మీ మాటకు బలం ఉంది. కార్బన్ చక్రంలో ఖర్చు కాకపోయినా, మొదట కొంత ఉండి తీరాలి. కానీ మొదటి బరువైన నక్షత్రాలు ఏం చేసి ఉంటాయో నమూనాలు చెబుతున్నాయి. వాటి బరువును మోయడానికి పీపీ వేగం చాలదు. దాంతో కేంద్రం కుంచించుకుపోతూ దాదాపు 10 కోట్ల కెల్విన్ దాకా వేడెక్కుతుంది. అక్కడ మూడు హీలియంలు కలిసి కొంచెం కార్బన్ తయారవుతుంది. బరువులో వంద కోట్లో వంతు లోపు కార్బన్ చాలు, ఆ వేడిలో చక్రం తిరగడం మొదలుపెడుతుంది. కుంచించుకోవడం అక్కడితో ఆగుతుంది. అంటే సరుకు లేకపోతే బరువే సరుకు తయారు చేయించుకుంది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది మీరే చెప్పండి.

కాగితం_పెన్ను
నాకింకా సరుకే అనిపిస్తుంది. ఆ కార్బన్ పుట్టేదాకా పెద్ద నక్షత్రం కూడా సీఎన్ఓతో మండలేదు కదా. బరువు దారి చూపింది, అంతే.

భౌతికం_మాష్టారు
సూర్యుడి సరుకు మీదే ఇంకా గొడవ తీరలేదని విన్నాను. నిజమేనా?

వేగుచుక్క
నిజమే మాష్టారూ. వర్ణపటం నుంచి లెక్కగట్టిన కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్ మోతాదులు కొత్త పద్ధతిలో తగ్గాయి. సూర్యుడి ప్రకంపనలు మాత్రం పాత, ఎక్కువ మోతాదుకే కుదురుతున్నాయి. 2020లో బోరెక్సినో బృందం సీఎన్ఓ న్యూట్రినోలను మొదటిసారి పట్టుకుంది, అదీ గ్రాన్ సాసోలోనే. వాళ్లు న్యూట్రినోలను పట్టే తొట్టెలోని ద్రవంలో ఉన్న బిస్మత్ సంకేతమూ న్యూట్రినో సంకేతమూ దాదాపు ఒకటిగానే కనిపిస్తాయి, ద్రవం కొంచెం కదిలినా గోడల నుంచి వచ్చిన కల్మషం లోపలికి పాకి ఆ బిస్మత్ ఎంతో లెక్క తేలదు. అందుకని తొట్టె మొత్తానికి దళసరి దుప్పటి చుట్టి ఉష్ణోగ్రత నిలకడగా ఉంచారు. తర్వాత వాళ్లు ఇచ్చిన కొలతలు ఎక్కువ మోతాదు వైపు మొగ్గాయి. మొగ్గు మాత్రమే, తీర్పు కాదు.

తొలిమెట్టు
ఇప్పుడు తెలిసింది. నేను గోడ ఒక్కటే చూశాను, పీపీకి గోడ దాటాక ఉన్న కష్టం చూడలేదు. రేపు రెండు రేట్లూ పక్కపక్కన గ్రాఫ్ గీస్తాను. హైడ్రోజన్ వాటా 0.7 పెట్టాలా, 0.35 పెట్టాలా?

వేగుచుక్క
ఇప్పుడే వెలిగిన నక్షత్రానికైతే 0.7. నేటి సూర్యుడి నడిబొడ్డుకైతే 0.35 దగ్గర పెట్టండి. పీపీలో హైడ్రోజన్ వాటా రెండుసార్లు గుణించాలి, సీఎన్ఓలో ఒక్కసారే. హైడ్రోజన్ సగమైతే పీపీ నాలుగో వంతుకు పడుతుంది, సీఎన్ఓ సగానికే. అందుకే రెండు గీతలూ కలిసే చోటు రెండు గ్రాఫుల్లో వేర్వేరుగా వస్తుంది. రెండూ గీసి ఇక్కడ పెట్టండి.