‘చెప్పకపోతే ఆపవద్దు’: మర అనువాదాన్ని ఎంతవరకు దిద్దవచ్చు?

శైలజ: మందుల కరపత్రంలోని “డు నాట్ స్టాప్ టేకింగ్ దిస్ మెడిసిన్ అన్‌లెస్ యువర్ డాక్టర్ టెల్స్ యూ టు” అనే వాక్యాన్ని యంత్రం “మీ వైద్యుడు మీకు చెప్పకపోతే ఈ ఔషధాన్ని తీసుకోవడం ఆపవద్దు” అని అనువదించింది. నేను “డాక్టరు చెప్పేదాకా ఈ మందు వాడుతూనే ఉండండి” అని దిద్దితే, అర్థం మారిందని సంపాదకులు తిప్పి పంపారు. ఎవరి మాట సబబు?

రాఘవరావు: సంపాదకుల మాటే సబబు. ‘దాకా’ అనగానే డాక్టరు ఎప్పుడో ఒకప్పుడు మానమంటారనే ధ్వని వస్తుంది, మూలంలో అది లేదు. ‘వాడుతూనే ఉండండి’ మరింత చిక్కు. ఐదు రోజులకు రాసిన యాంటీబయాటిక్‌ను ఆరో రోజూ కొనుక్కుని వేసుకోమన్నట్లు అర్థం చేసుకునేవారుంటారు. అయితే యంత్రం ఇచ్చిన వాక్యమూ నిలవదు. ఏం చెప్పకపోతే ఆపకూడదో అందులో లేదు, ఎందుకంటే ఇంగ్లీషులో చివరి ‘టు’ మోసిన ‘మానేయమని’ అన్న భాగం జారిపోయింది. “డాక్టరు మానేయమంటే తప్ప ఈ మందు మానేయకండి” అంటే ఆ భాగమూ, ఆపవద్దన్న నిషేధమూ రెండూ నిలుస్తాయి. ‘మీ’, ‘మీకు’ తీసేసినా నష్టం లేదు.

వెంకట్: ఇంత తిప్పలు ఎందుకండీ? “డాక్టరు మానమంటేనే మానండి” అంటే తర్కం అదే, వ్యతిరేక క్రియ ఒక్కటీ ఉండదు.

రాఘవరావు: తర్కం వరకు మీరన్నది నిజమే. కానీ కరపత్రం ముఖ్యంగా చెప్పదలచింది నిషేధం. ఒంట్లో నెమ్మదించగానే మాత్రలు పక్కన పెట్టేవారిని ఆపడానికే ఆ వాక్యం రాశారు. మీ వాక్యంలో ‘మానకండి’ అన్న మాట చెవిన పడదు.

సుజాత: మా అమ్మ బీపీ తగ్గిందని మాత్రలు మానేసి నానా అవస్థ పడింది. “డాక్టరుకు చెప్పకుండా మానకండి” అని రాస్తే అందరికీ అర్థమవుతుంది.

రాఘవరావు: అమ్మా, వాక్యం చక్కగానే ఉంది, అర్థం మాత్రం తప్పింది. ఆ ‘కు’ చేరడంతో, ఫోన్ చేసి “మానేస్తున్నానండీ” అని చెబితే చాలునన్నట్లయింది. మూలంలో నిర్ణయం డాక్టరుది.

శైలజగారు, దిద్దిన వాక్యాన్ని మూలం చూడని ఒకరికి చదివి వినిపించి, ఒంట్లో బాగైతే ఏం చేస్తారు, మందు పడక దద్దుర్లు వస్తే ఏం చేస్తారు అని అడగండి. మొదటి ప్రశ్నకు “వాడతాను”, రెండోదానికి “డాక్టరును అడుగుతాను” అనే జవాబులు రావాలి. మరొకరిచేత దాన్ని తిరిగి ఇంగ్లీషులో రాయించి, మూలంతో పోల్చి చూడటమూ మంచిదే. కానీ వాక్యం ఎబ్బెట్టుగా ఉందో లేదో ఆ పరీక్ష చెప్పదు, యంత్రం ఇచ్చిన కృతకమైన వాక్యమూ అందులో నెగ్గవచ్చు.

శైలజ: ‘తప్ప’ వాక్యాన్నే పంపుతాను. అందులో ‘మందు’ బదులు ‘మాత్ర’ అనవచ్చా?

రాఘవరావు: అదే కరపత్రం సిరప్‌కూ వర్తిస్తే అనకూడదు.

వెంకట్: చదువు అంతగా రానివారికి ‘అంటే తప్ప... మానేయకండి’ మెలికగానే తోస్తుందని నా అభిప్రాయం. ఆ రెండు ప్రశ్నలూ నా వాక్యం మీద కూడా అడిగి చూడండి.